నెలకు నాలుగు వేలే

శనివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఇస్త్రీపెట్టె కొనడానికి షోరూముకు వెళ్ళిన ఒక టైలరు రెండు తలుపుల ఫ్రిజ్ కొని బయటికి వచ్చింది. ఇస్త్రీపెట్టె కూడా కొంది. అది బిల్లులో నాలుగో వరుసలో ఉంది.

ఆమెను వీధిలో అందరూ కత్తెరక్క అంటారు. పనిముట్టును చూసి ఆ పేరు పెట్టారని ఆమె అనుకుంటుంది. ఆమెతో ఒకసారి బేరమాడినవాళ్ళు అలా అనుకోరు. స్కూలు పిల్లల చొక్కాలు, ప్యాంట్లు కుడుతుంది. కొట్టు ఇంటి ముందు గదిలోనే. అందులో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక అద్దం ఉన్నాయి.

ఆ ఇంటికి వీధిలో ఒక పేరుంది. అప్పు చెయ్యని ఇల్లు. పక్కింటివాళ్ళను దారపుండ అడగడానికి కూడా ఆమెకు మనసొప్పదు. పెళ్ళైన కొత్తలో భర్త స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చాడని తెలిసి, అది తిరిగి ఇచ్చేదాకా అతనితో మాట్లాడలేదు. ఈ కథ ఆమే చెబుతుంది, కొలతలు తీసుకుంటూ, కొత్తగా వచ్చిన ప్రతి ఖాతాదారుకూ.

ఆ శనివారం ఆమె చేతిసంచిలో బ్యాంకు ఇచ్చిన మంజూరు పత్రం ఉంది. ఫ్యాక్టరీ మిషన్లు మూడు కొనడానికి రెండు లక్షల నలభై వేల లోను. మిగిలిన అరవై వేలు ఆమె వేసుకోవాలి. నాలుగేళ్ళు కూడబెట్టి ఇంట్లో సిద్ధంగా ఉంచుకుంది కూడా. మంగళవారం బ్యాంకు డబ్బు విడుదల చేస్తే బుధవారం మిషన్లు దిగుతాయి. శుక్రవారం పెద్ద స్కూలు ఆఫీసు సారు వచ్చి మిషన్లను కళ్ళారా చూసి, ఆరు వందల జతల యూనిఫాం ఆర్డరు మీద సంతకం పెడతాడు. చూడనిదే పెట్టనన్నాడు. అంత పెద్ద ఆర్డరు ఆమెకు ఎప్పుడూ రాలేదు. అది దక్కితే ముందు గది కొట్టు కాస్తా కుట్టుకేంద్రం అవుతుంది. బోర్డు మీద ఏం రాయించాలో కూడా ఆమె అనుకుని పెట్టుకుంది.

బ్యాంకు లోనును ఆమె అప్పుగా లెక్కపెట్టలేదు. అది పెట్టుబడి.

ఆరు వందల జతలకు మడతలు నిలవాలంటే ఆవిరి ఇస్త్రీపెట్టె ఉండాలి. అందుకని షోరూముకు వెళ్ళింది. అక్కడ బిల్లు కౌంటరుకూ బయటి తలుపుకూ మధ్య, ఎవరూ తప్పించుకు పోలేని చోట, ఒక బల్ల వేసి ఉంటుంది. దాని వెనక ఆమె మరిది కూర్చుంటాడు. అతని ఉద్యోగం వాయిదాల కంపెనీలో. తోటివాళ్ళు అతన్ని జీరో అంటారు. జీరో వడ్డీ, జీరో డౌన్ పేమెంట్, జీరో కాగితాలు అని రోజుకు రెండు వందల సార్లు అంటే ఎవరికైనా ఆ పేరే వస్తుంది.

"ఏంటి వదినా, దారి తప్పావా?" అన్నాడు జీరో.

"ఇస్త్రీపెట్టె కోసం వచ్చాను. నీ ముఖం చూడ్డానికి కాదు."

"ముఖం ఉచితం. ఇస్త్రీపెట్టె ఆరున్నర వేలు. ఎలా కడతావు?"

"చేత్తో కడతాను. ఇంకెలా కడతారు?"

"ఈ రోజుల్లో నోట్లిచ్చి కొనేది నువ్వూ, దొంగనోట్లు మార్చేవాళ్ళూ. కూర్చో వదినా. ఊరికే చూద్దాం. చూస్తే ఏం పోతుంది?"

చూడటానికి ఆమె ఫోను నంబరు కావాలి. గుర్తింపు కార్డు కావాలి. ఫోనుకు వచ్చిన ఆరంకెలు కావాలి. తెర మీద ఒక చక్రం తిరిగి ఆగింది. జీరో తెరను ఆమె వైపు తిప్పాడు.

"లక్షా ఇరవై వేలు ఉన్నాయి నీకు."

"నాకా? ఎక్కడ?"

"కంపెనీలో. నీ కోసం పక్కన పెట్టారు. నిన్ను నమ్మారు వదినా."

"నన్ను చూడకుండానే?"

"చూస్తే నమ్మేవాళ్ళు కాదేమో."

ఆమె నవ్వింది. అయినా చూపు తెర మీదే ఉంది. లక్షా ఇరవై వేలు ఆమెకు ఎవరూ, ఎందుకూ పక్కన పెట్టలేదు. కన్నవాళ్ళు కూడా పెట్టలేదు.

చిక్కల్లా ఒకటే. వడ్డీ లేని వాయిదాలు నలభై వేలు దాటిన బిల్లుకే వర్తిస్తాయి. ఇస్త్రీపెట్టె ఆరున్నర వేలు.

"ఇంకో ముప్పై మూడున్నర వేలు కొన్నావనుకో, ఒక్క పైసా వడ్డీ పడదు," అన్నాడు జీరో.

"కొనకపోతే?"

"కొనకపోతే ఆరున్నర వేలూ ఇప్పుడే, ఇక్కడే, నీ చేతిలోంచి పోతాయి."

ఆరున్నర వేలు కాపాడుకోవడానికి ముప్పై మూడున్నర వేలు ఖర్చు పెట్టడం ఎలాగో ఆమె ఆలోచించసాగింది. గజం గుడ్డలో అంగుళం పోతే ఒప్పుకోని మనిషి ఆమె.

జీరో ఆమెను ఫ్రిజ్‌ల వైపు నడిపించాడు. అక్కడ ప్రతి తలుపు మీదా ఒక అట్ట అంటించి ఉంది. దాని మీద అరచెయ్యంత అంకెల్లో నెలకు ఎంతో రాసి ఉంది. మొత్తం ఎంతో కింద రాసి ఉంది, అద్దాలు పెట్టుకున్నవాళ్ళ కోసం.

"ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా," అంది ఆమె.

"బాగుందా?"

"బాగానే ఉంది. లోపల లైటు వెలగడం లేదు."

"లైటు వెలగడం లేదా," అన్నాడు జీరో. డాక్టరు ఎక్స్‌రే చూసి అనేలా అన్నాడు.

బల్బు ఎంతని ఆమె అడిగింది. ఆ మోడల్ బల్బులు రావడం లేదన్నాడు. అది నిజమో కాదో అతనికి తెలియదు. అతను బల్బులు అమ్మడు.

రెండు తలుపుల ఫ్రిజ్ ముప్పై ఎనిమిది వేలు. ఇస్త్రీపెట్టె ఆరున్నర వేలు. రెండింటికీ కలిపి మూడేళ్ళ అదనపు వారంటీ మూడున్నర వేలు. వారంటీ గడిలో ఆమె టిక్కు పెట్టలేదు. అది ముందే పెట్టి ఉంది. మొత్తం నలభై ఎనిమిది వేలు, పన్నెండు వాయిదాలు.

"నెలకు నాలుగు వేలే," అన్నాడు జీరో. "అంటే రోజుకు ఎంత? నూట ముప్పై. రెండు ప్యాంట్లకు అంచులు మడిస్తే వస్తాయి. రోజుకు రెండు ప్యాంట్లు ఎక్కువ మడిచావనుకో. ఫ్రిజ్ ఊరికే వచ్చినట్టే."

"మడిచేది నేను. ఊరికే ఎలా అవుతుందిరా?"

"ఆరు వందల జతలు కుట్టబోయే మనిషివి, రెండు ప్యాంట్ల దగ్గర ఆగుతావేంటి వదినా?"

ఆ మాట పనిచేసింది. చేతిసంచిలో ఉన్న మంజూరు పత్రం కూడా లోపలి నుంచి అదే అంటున్నట్టు ఆమెకు అనిపించింది. ప్రాసెసింగ్ ఫీజు తొమ్మిది వందలు, దాని మీద పన్ను వేరే, రెండూ మొదటి వాయిదాతో కలిసి పోతాయి. వడ్డీ మాత్రం లేదు. ఆమె తెర మీద వేలితో సంతకం చేసింది. ప్రతి నెలా మూడో తారీఖున డబ్బు దానంతటదే ఖాతాలోంచి పోయేటట్టు ఇంకో చోట కూడా చేసింది.

బయటికి వచ్చాక, చేతిలోంచి ఒక్క నోటు కూడా పోలేదని చూసుకుని సంతోషపడింది.

ఫ్రిజ్ సాయంత్రం ఇంటికి చేరింది. వంటగది తలుపులోంచి పట్టలేదు. ముందు గదిలో కటింగ్ బల్ల పక్కన, ట్రెడ్‌మిల్లుకు ఎదురుగా పెట్టారు.

ట్రెడ్‌మిల్లు భర్తది. అతను లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు ఆగిపోయిన చోటికే అతన్ని పిలుస్తారు కాబట్టి అన్ని అంతస్తులూ మెట్లెక్కే వెళతాడు. రోజంతా మెట్లెక్కి ఇంటికొచ్చిన మనిషి నడవడానికి యంత్రం ఎందుకు కొన్నాడో అడిగితే, "ఆరోగ్యం" అంటాడు. కొన్న వారంలో రెండుసార్లు ఎక్కాడు. ఇప్పుడు దాని పట్టీ మీద ప్యాంటు గుడ్డ తాన్లు, కమ్మీ మీద కొలతల టేపు ఉన్నాయి.

"ఫ్రిజ్ ఎందుకే?" అన్నాడు లిఫ్టాయన.

"ట్రెడ్‌మిల్లు ఎందుకండీ?"

అతను కొత్త ఫ్రిజ్ తలుపు తీసి చూశాడు.

"లైటు బాగుంది," అన్నాడు.

"బాగుండక? మీ తమ్ముడు అమ్మాడు."

"ఎంతన్నాడు?"

"నెలకు నాలుగు వేలే."

"నాలుగేగా," అన్నాడు అతను. ఆ ఇంట్లో వస్తువు ధర మొత్తంగా చెప్పుకోవడం ఎప్పుడో మానేశారు. టీవీ రెండువేల నాలుగు వందలు. డ్రిల్లు మిషను తొమ్మిది వందలు. మెడ మర్దనా యంత్రం ఏడు వందలు. చెవుల్లో పెట్టుకునేవి ఆరు వందలు. ట్రెడ్‌మిల్లు రెండు వేలు. వాటన్నింటికీ చివర "నెలకు" అనే మాట ఉండేది. రానురాను ఆ మాట కూడా రాలిపోయింది.

అవన్నీ బయటపెట్టే కొన్నారు. ఏదీ ఎవరూ దాచలేదు. ఏ వస్తువుకు ఆ వస్తువు చౌకే. కలిపి కూడితే ఎంతవుతుందో చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అప్పులైతే కూడుకునేవాళ్ళు. అవి వాయిదాలు.

మంగళవారం ఇద్దరూ బ్యాంకుకు వెళ్ళారు. లోనులో భర్త సహదరఖాస్తుదారు కాబట్టి అతనూ సంతకం చెయ్యాలి. ఆమె కొత్త చొక్కా కుట్టి వేసింది అతనికి.

లోన్ల విభాగం మేడమ్ తెర చూస్తూ చాలాసేపు ఉంది. తర్వాత అడిగింది.

"మంజూరు తర్వాత మళ్ళీ అప్పులేమైనా తీసుకున్నారా?"

"మాకు అప్పులు లేవు మేడమ్," అంది కత్తెరక్క.

"ఏడున్నాయి."

"ఏడేంటి?"

"ఏడు లోన్లు. ఒకటి మీ పేరున, ఆరు వారి పేరున."

కత్తెరక్క భర్త వైపు చూసింది. ఆ చూపుకు లిఫ్టాయన కుర్చీ వెనక్కి జరిగింది.

"నేనెవరి దగ్గరా చెయ్యి చాపలేదు మేడమ్," అన్నాడు అతను. "నీ మీదొట్టు," అన్నాడు భార్యతో.

మేడమ్ ఒకటొకటీ చెప్పింది. టీవీ, డ్రిల్లు, మెడ యంత్రం, చెవులవి, ట్రెడ్‌మిల్లు, ఫ్రిజ్.

"అవి అప్పులు కావు మేడమ్. వాయిదాలు," అంది కత్తెరక్క. మేడమ్‌కు తెలియదేమోనని నెమ్మదిగా చెప్పింది.

"మీరు వస్తువు తెచ్చుకున్నారు. కంపెనీవాళ్ళు షాపుకు డబ్బు కట్టారు. మీరు కంపెనీకి నెలనెలా కడుతున్నారు. దీన్ని మేము లోను అంటాం."

"వడ్డీ లేదు కదా."

"వడ్డీ ఉందా లేదా అని మేము చూడం. నెలకు ఎంత పోతోందో చూస్తాం."

ఆ బ్యాంకు లెక్క చిన్నదే. ఇద్దరి సంపాదన కలిపి నలభై ఎనిమిది వేలు. కట్టాల్సినవన్నీ అందులో మూడో వంతు దాటకూడదు. అంటే పదహారు వేలు. మంజూరు చేసిన నాడు పాత వాయిదాలు నాలుగు వేల ఆరు వందలు, మిషన్ల లోను వాయిదా ఎనిమిది వేల నూరు. ఇమిడింది. ఆ పత్రం చేతికొచ్చిన సంబరంలో ఒకరు ట్రెడ్‌మిల్లు, ఒకరు ఫ్రిజ్ కొన్నారు. ఆ రెండూ ఆరు వేలు. ఇప్పుడు మొత్తం పద్దెనిమిది వేల ఏడు వందలు. డబ్బు విడుదలకు ముందు బ్యాంకు మరోసారి చూసుకుంటుంది, తేడా వస్తే ఆపుతుంది. ఆ సంగతి మంజూరు పత్రం రెండో పేజీలో ఉంది. రెండో పేజీ దాకా ఇద్దరూ వెళ్ళలేదు. మొదటి పేజీలోనే అంకె ఉంది మరి.

"ఏడోది చెప్పలేదు మేడమ్ మీరు," అన్నాడు లిఫ్టాయన నీళ్ళు నములుతూ.

"ఏడోది మూడు వందల తొంభై. తర్వాత కడతానని తీసుకున్నారు. గడువు దాటింది."

"నేను తర్వాత కడతానని ఎవరికీ చెప్పలేదే."

అది ఫోను కవరు. ఒక యాప్‌లో కొన్నాడు. డబ్బు ఎలా కట్టాలో ఎంచుకునే చోట "తర్వాత చెల్లించండి" అన్నది ముందే ఎంచి ఉంది. అతను కింద ఉన్న ఆకుపచ్చ మీట నొక్కాడు. కవరు వచ్చింది. డబ్బు కట్టేశాననే అనుకున్నాడు. తర్వాత వచ్చిన సందేశాలను ప్రకటనలనుకుని చదవకుండా తీసేశాడు. ఆలస్య రుసుము రెండు వందల యాభై పడింది. బ్యాంకులు చూసే క్రెడిట్ స్కోరు పడిపోయింది.

"మూడు వందల తొంభైకి నన్ను ఎగవేతదారు కింద రాశారా మేడమ్?"

"ఆలస్యం అని రాశారు. చూసేవాళ్ళు ఎలా చదువుకుంటారో నేను చెప్పలేను."

"అది ఈయన ఇప్పుడే కట్టేస్తారు. మిషన్ల డబ్బు ఇవ్వండి," అంది కత్తెరక్క.

"కట్టండి. మంచిదే. కానీ ఇది నా చేతిలో లేదమ్మా. స్కోరు మారింది, వాయిదాలు మారాయి. ఫైలు మళ్ళీ పైకి పంపాలి. కొన్ని లోన్లు మూసి, మూసినట్టు ఉత్తరాలు తెస్తే జత చేసి పంపుతాను. రెండు వారాలు పడుతుంది."

"శుక్రవారం మా ఆర్డరు సంతకం మేడమ్."

"తెలుసు. ఫైల్లో ఉంది," అంది మేడమ్. ఆమె గొంతులో విసుగేమీ లేదు. ఆ మాట ఆ రోజు ఆమె ఇంకో ఇద్దరితో అనాల్సి ఉంది.

బయట మెట్ల మీద కత్తెరక్క భర్త వైపు తిరిగింది.

"ఒక్క మాటడగనా?" అంది.

"అడుగు."

"ఫోనుకు కవరు ఎందుకండీ?"

"కింద పడితే పగలకుండా."

ఆమె మెట్లు దిగింది.

అక్కణ్ణుంచి నేరుగా షోరూముకు వెళ్ళింది. భర్త వెనకే వెళ్ళాడు, పది అడుగులు తగ్గి. జీరో ఆమె నడక చూసి, ముందున్న ఖాతాదారును తొందరగా పంపేశాడు.

"ఫ్రిజ్ వెనక్కి తీసుకో," అంది కత్తెరక్క.

"ప్లగ్గు పెట్టావా?"

"ఫ్రిజ్ కొని ప్లగ్గు పెట్టక కిటికీలో పెట్టుకుంటారా?"

"ప్లగ్గు పెడితే వాడినట్టే లెక్క వదినా. పాడైతే బాగు చేస్తారు. వెనక్కి తీసుకోరు."

"అయితే లోను మూసెయ్యి. మొత్తం కడతాను."

"మూసెయ్యొచ్చు. మూసినందుకు రుసుముంటుంది."

"అప్పు తీరుస్తానంటే జరిమానా ఏంట్రా?"

"జరిమానా కాదు. ముందస్తు ముగింపు రుసుము."

"పేరు బాగుంది. పిల్లకు పెట్టుకో."

లిఫ్టాయనకు నవ్వు రాబోయి ఆగింది. ఇది నవ్వే సమయం కాదని అతనికి బ్యాంకు మెట్ల మీదే అర్థమైంది.

"వడ్డీ లేదన్నావు," అంది ఆమె.

"లేదుగా."

"మరి మీ కంపెనీ ఎలా బతుకుతోంది? నీకు జీతం గాలిలోంచి వస్తోందా?"

జీరో అటూ ఇటూ చూశాడు. సేల్స్ మేనేజరు దూరంగా ఉన్నాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు నోట్లిచ్చి కొనుంటే బిల్లులో మూడు వేల ఆరు వందలు తగ్గించేవాళ్ళు. ఆ తగ్గింపు నీకివ్వకుండా షాపువాళ్ళు మా కంపెనీకిచ్చారు. అదే వడ్డీ. నువ్వు కట్టావు. వడ్డీ అన్న పేరుతో కట్టలేదు, అంతే."

"నోట్లిస్తే తగ్గుతుందని ఆ రోజు చెప్పలేదే?"

"నువ్వడగలేదు."

"నేను నోట్లే తెచ్చాను కదరా."

జీరో బల్ల మీదున్న పెన్ను సర్దాడు. "ఆ రోజు నాకు ఒక్క ఫైలు తక్కువైంది వదినా. నెలాఖరు. ముప్పై అయితేనే కమిషను. ఇరవై తొమ్మిది దగ్గర ఉన్నాను. తలుపు తోసుకుని నువ్వొచ్చావు."

"బయటివాళ్ళు దొరకలేదా?"

"బయటివాళ్ళు రకరకాల ప్రశ్నలు వేస్తారు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. చూపు అతని కాలరు దగ్గర ఆగింది. చెయ్యి చాపి కాలరు అంచు తిప్పి చూసింది.

"ఈ చొక్కా ఎక్కడిది?"

"ఆన్‌లైన్‌లో. మూడు వాయిదాలు."

"లోపల గుడ్డ సరిగా అతకలేదు. రెండు ఉతుకులకు కాలరు బుడగలు లేస్తుంది. ఎన్ని వాయిదాలు కట్టావు?"

"ఒకటి."

"చొక్కా ముందు పోతుంది. నువ్వు తర్వాత కడుతూ ఉంటావు. బండి?"

"ఇరవై నాలుగు వాయిదాలు."

"ఫోను?"

"వదినా, ఇక్కడ కాదు," అన్నాడు జీరో.

తర్వాత అతను సాయం చెయ్యబోయాడు. ఈ పని అతనికి నిజంగానే వచ్చు. తెర మీద ఒక పేజీ తెరిచాడు. ఏడు చిన్న లోన్లూ ఒకేసారి తీర్చేసే పెద్ద లోను ఒకటి ఉందట. మూడేళ్ళ గడువు. నెలకు వాయిదా సగానికి సగం తగ్గుతుంది. వడ్డీ ఉంటుంది, ఈసారి ఆ పేరుతోనే. మూడేళ్ళకూ కలిపి కట్టేది ఎక్కువవుతుంది. ఆ అంకె అట్టల మీద లాగే తెర మీద కూడా కిందనే ఉంది.

"నీకు ముందే మంజూరై ఉంది వదినా," అన్నాడు. "కంపెనీ నిన్ను నమ్మింది."

"నువ్వు నమ్మకు," అంది కత్తెరక్క. లేచింది.

రాత్రి కటింగ్ బల్ల మీద చాక్‌పీసుతో లెక్క వేసింది. ఆ బల్ల మీద ఆమె వేసిన లెక్క ఇంతవరకు అంగుళం తప్పలేదు. అన్ని వాయిదాలూ ఇప్పుడే తీర్చాలంటే లక్ష దాకా కావాలి. చేతిలో ఉన్నది అరవై వేలు. అరవై వేలూ వాయిదాలకు పోస్తే సగం మూతపడతాయి. శుక్రవారం నాటికి మిషన్లు సున్నా. మిషన్లు లేకపోతే ఆర్డరు లేదు. ఆర్డరు లేకపోతే మిగిలిన వాయిదాలకు ఆ రోజుకు రెండు ప్యాంట్లే గతి.

"ట్రెడ్‌మిల్లు అమ్మేస్తాను," అన్నాడు లిఫ్టాయన.

"ఎవరు కొంటారు?"

"నాలాంటివాడు ఇంకొకడు ఉండడా?"

"ఉంటాడు. వాడు కొత్తది వాయిదాల్లో కొంటాడు."

అతను ఫోను తీసి, ఆ యాప్‌లో "తర్వాత చెల్లించండి" అన్నదాన్ని రద్దు చెయ్యడానికి కూర్చున్నాడు. దాన్ని చేర్చుకోవడానికి ఒక మీట చాలింది. రద్దు చెయ్యడానికి కస్టమర్ కేర్‌కు ఫోను చెయ్యాలని ఉంది, పనివేళల్లో.

బుధవారం ఉదయం కత్తెరక్క మిషన్ల కొట్టుకు వెళ్ళింది. మూడు కొత్త మిషన్లకు మాట ఇచ్చి ఉన్న చోటే, ఒక పాత ఫ్యాక్టరీ మిషను అడిగింది. కొట్టతను అరవై రెండు వేలు చెప్పాడు. వాయిదాలు కూడా ఉన్నాయన్నాడు.

"నోట్లిస్తే ఎంత తగ్గిస్తావు?"

"నోట్లా?" అన్నాడు కొట్టతను. క్యాలిక్యులేటరు పక్కన పెట్టాడు. యాభై ఆరుకు దిగాడు. ఆమె డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే అతను రెండుసార్లు దీపం కింద పెట్టి చూసుకున్నాడు. మిగిలిన నాలుగు వేలతో మూడు వందల తొంభైనీ, దాని మీది ఆలస్య రుసుమునూ, చెవులవాటి ఆఖరి వాయిదానూ కట్టించింది. ఏడు ఐదయ్యాయి.

శుక్రవారం పన్నెండు గంటలకు స్కూలు ఆఫీసు సారు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముందు గది చూశాడు. ఎడమ వైపు రెండు తలుపుల ఫ్రిజ్. కుడి వైపు ట్రెడ్‌మిల్లు. మధ్యలో కొత్తగా దిగిన పాత మిషను ఒకటి.

"మూడన్నారు కదమ్మా," అన్నాడు.

"బ్యాంకువాళ్ళు ఆలస్యం చేశారు సారూ. రెండు వారాల్లో వస్తాయి."

"ఇది మిషనేనా?" అన్నాడు ట్రెడ్‌మిల్లును చూపించి.

"కాదు. అది మా ఆయన ఆరోగ్యం."

సారు కూర్చున్నాడు. ఆమె ఆ ఫ్యాక్టరీ మిషను మీద ఒక చొక్కా చెయ్యి అతని ఎదురుగానే కుట్టి ఇచ్చింది. అతను కుట్టు లాగి చూశాడు. ఊడలేదు. కుట్టులో పేచీ లేదన్నాడు. పేచీ సంఖ్యలో ఉందన్నాడు. ఒక ఫ్యాక్టరీ మిషనూ రెండు ఇంటి మిషన్లూ పెట్టుకుని బడులు తెరిచేలోపు ఆరు వందల జతలు కుట్టడం కుదరదని అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"నిరుడు మీకు ఇన్ని జతలు అవసరం పడలేదు కదా సారూ. మూడు వందల యాభైయే కదా. పిల్లలు పెరిగారా?"

"పిల్లలు అంతేనమ్మా. ఈ ఏడాది తల్లిదండ్రులకు వాయిదాలు పెట్టాం. వడ్డీ లేకుండా మూడు నెలలు. అంతకుముందు రెండు జతలు తీసుకున్నవాళ్ళు ఇప్పుడు మూడు, నాలుగు తీసుకుంటున్నారు. ఎవరూ మొత్తం ఎంతని అడగడం లేదు. నెలకు ఎంతని అడుగుతున్నారు."

కత్తెరక్క చేతిలోని దారం తెంపింది.

"నాలుగు జతలెందుకు సారూ? పిల్లలు ఆరు నెలలకు అంగుళం పెరుగుతారు. మడత విప్పకుండానే పొట్టివైపోతాయి."

"అది వాళ్ళిష్టం. ఇంకో సంగతి. జతకు రెండు వందల ఇరవై అనుకున్నాం. రెండు వందల అయిదు చేసుకోండి."

"ఎందుకట?"

"వాయిదాల కంపెనీ మాకు డబ్బు ముందే ఇస్తుంది, వందకు అయిదు పట్టుకుని. అది ఎక్కడో ఒకచోట సర్దాలి కదా. తల్లిదండ్రులకు వడ్డీ లేదని చెప్పేశాం."

"వాళ్ళ వడ్డీ నేను కడతానన్నమాట."

"వడ్డీ అనకండి. అది సర్దుబాటు."

భర్త గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆమె నోటి నుంచి ఏం వస్తుందోనని చూశాడు. ఆమె ఫ్రిజ్ వైపు ఒకసారి చూసింది. అది చప్పుడు చేయకుండా పనిచేస్తోంది. మూడో తారీఖు వచ్చే వారమే.

"ఎన్ని ఇస్తారు?" అంది.

"ఈ మిషన్లతో రెండు వందలు తేలతాయి. చిన్న సైజులు మీరు కుట్టండి."

"మిగిలినవి? రెండు వారాలు ఆగితే లోను వస్తుంది."

"స్కూలు ఆగదమ్మా. డబ్బు మాకు ఇప్పటికే వచ్చేసింది."

ఆమె రెండు వందల పది అడిగింది. అతను రెండు వందల అయిదు దగ్గరే ఉన్నాడు. గుండీలు స్కూలే ఇవ్వాలంది. దానికి ఒప్పుకున్నాడు. సగం కూలి ముందు ఇవ్వాలంది. మూడో వంతుకు ఒప్పుకున్నాడు.

పన్నెండూ యాభైకి సంతకాలయ్యాయి. రెండు వందల జతలు, జతకు రెండు వందల అయిదు. మిగిలిన నాలుగు వందల జతల ఆర్డరు మీద అదే రోజు సాయంత్రం, బస్‌స్టాండు వెనక కొట్టున్న మరో టైలరు సంతకం చేశాడు.